మంట మొదలయ్యాక క్రాన్‌బెర్రీ ఎందుకు పనిచేయదు

"ఏడాదిలో ఇది నాకు మూడో యూరిన్ ఇన్ఫెక్షన్. నిన్నటి నుంచి పోస్తుంటే మంట, పది నిమిషాలకోసారి వెళ్లాలనిపిస్తోంది, వెళ్తే రెండు చుక్కలే. క్రాన్‌బెర్రీ క్యాప్సూల్స్ ఇంట్లో ఉన్నాయి, రోజుకి రెండు బదులు ఆరు వేసుకుంటే యాంటీబయాటిక్ లేకుండా తగ్గుతుందా? అసలు ఇది బ్యాక్టీరియాని చంపుతుందా లేదా?"

చంపదండి. రెండైనా ఆరైనా పదహారైనా చంపదు, ఎందుకంటే అది చేసే పని చంపడం కాదు. ఇరవై ఏళ్లకు పైగా మైక్రోబయాలజీ ల్యాబ్‌లో యూరిన్ కల్చర్లు, అంటే యూరిన్‌లోని బ్యాక్టీరియాని పెంచి చేసే పరీక్షలు, చూస్తున్నా, ఈ ప్రశ్న మీలా మంటతో బాధపడుతూ అడిగేవాళ్లు చాలామంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. కానీ ముందు ఒక మాట, చదవడం తర్వాత అయినా పర్లేదు, ఇవాళే డాక్టర్‌కి చూపించుకోండి, యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకునే ముందే యూరిన్ కల్చర్‌కి శాంపిల్ ఇవ్వండి. చలిజ్వరం, నడుము పక్కన పక్కటెముకల కింద నొప్పి, వాంతులు, వీటిలో ఏది ఉన్నా, లేదా మీరు ప్రెగ్నెంట్ అయినా, రేపటిదాకా కూడా ఆగొద్దు.

ఇప్పుడు అసలు విషయం. యూరిన్ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం ఈ.కోలై అనే బ్యాక్టీరియా వల్ల వస్తాయి. అది ఉండేది మన పేగుల్లోనే, అక్కడి నుంచి బయటి చర్మం మీదికి, అక్కడి నుంచి మూత్రనాళం గుండా బ్లాడర్‌లోకి ఎక్కుతుంది. ఆడవాళ్లకి ఆ నాళం పొట్టిగా, సుమారు నాలుగు సెంటీమీటర్లే ఉంటుంది కాబట్టి అప్పుడప్పుడు కొన్ని బ్యాక్టీరియా పైకి వెళ్లడం మామూలే. అలా వెళ్లిన ప్రతిసారీ ఇన్ఫెక్షన్ రాదు, ఎందుకంటే బ్లాడర్‌కి ఉన్న పెద్ద రక్షణ ఏంటంటే కడుక్కోవడం, మూడు నాలుగు గంటలకోసారి లోపలున్నదంతా బయటికి తోసేస్తుంది కదా.

ఈ కడుక్కోవడం ఎంత బలమైనదో ఒక చిన్న లెక్కతో చూపిస్తా, మిగతా విషయమంతా దీని మీదే ఆధారపడి ఉంది. 1000 బ్యాక్టీరియా లోపలికి వెళ్లాయి అనుకుందాం, గంటకోసారి రెట్టింపు అవుతాయి అనుకుందాం, ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలే. మూడు గంటల్లో 8000 అవుతాయి. అప్పుడు 300 మి.లీ. యూరిన్ ఉంది, మీరు పోసేశారు, లోపల 10 మి.లీ. మిగిలింది, అంటే ముప్పయ్యో వంతు. మిగిలిన బ్యాక్టీరియా సుమారు 270. మళ్లీ మూడు గంటల తర్వాత 2100 దాకా పెరుగుతాయి, మళ్లీ పోస్తే 70 మిగులుతాయి. చూశారా, పెరుగుతూనే ఉన్నాయి కానీ ఓడిపోతున్నాయి. అదే రాత్రి ఎనిమిది గంటలు వెళ్లకుండా పడుకుంటే ఆ 70 కాస్తా 18,000 అవుతాయి, పొద్దున్న పోశాక కూడా 600 మిగులుతాయి, అంటే పగలంతా కడుక్కున్నదాన్లో చాలా భాగం రాత్రి తిరిగొచ్చేస్తుంది. పగలు మళ్లీ మూడు గంటలకోసారి వెళ్తే మళ్లీ తగ్గుతాయి. నీళ్లు బాగా తాగమని, ఆపుకోవద్దని డాక్టర్లు చెప్పేదాని వెనక ఉన్న లెక్క ఇదే.

అయితే ఈ లెక్కలో ఒక షరతు దాక్కుని ఉంది, బ్యాక్టీరియా యూరిన్‌లో తేలుతూ ఉండాలి. గోడకి అంటుకున్నది ఈ లెక్కలోకి రాదు, మీరు ఎన్నిసార్లు పోసినా అది కదలదు, అక్కడే కూర్చుని పిల్లల్ని పెడుతుంది. అందుకే ఈ.కోలైకి బ్లాడర్‌లో బతకాలంటే అన్నిటికంటే ముందు కావాల్సింది అంటుకోవడం, దానికోసం ఒంటి నిండా వందల కొద్దీ సన్నటి వెంట్రుకల్లాంటివి పెంచుకుంటుంది, వాటిని ఫింబ్రియే అంటారు. వెంట్రుక చివర ఒక ప్రోటీన్ ఉంటుంది, మన కణాల మీద ఉండే ఒక ప్రత్యేకమైన చక్కెరని గుర్తుపట్టి పట్టుకునేది అదే.

ఈ వెంట్రుకల్లో రెండు రకాలు మనకి ముఖ్యం. టైప్ 1 రకం మ్యానోస్ అనే చక్కెరని పట్టుకుంటుంది, బ్లాడర్ లోపలి పొర మీద ఉండే కణాలకి ఈ మ్యానోస్ తొడుగు ఉంటుంది కాబట్టి బ్లాడర్ ఇన్ఫెక్షన్‌కి ముఖ్యమైన చెయ్యి ఇదే. ఈ పట్టులో ఆశ్చర్యమైన విషయం ఒకటుంది, యూరిన్ వేగంగా లాగుతున్నప్పుడు ఆ పట్టు సడలకపోగా ఇంకా బిగుస్తుంది, లాగే బలానికే ఆ ప్రోటీన్ ఆకారం మారి గట్టిగా పట్టుకునే రూపంలోకి వెళ్తుంది. రెండోది పి రకం, ఇది రెండు గెలాక్టోజ్‌లు కలిసున్న చోటుని పట్టుకుంటుంది, ఇలాంటి చోట్లు కిడ్నీలో ఎక్కువ, అందుకే కిడ్నీ దాకా పాకే ఈ.కోలైల్లో ఈ రకం ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక్కడికొస్తుంది క్రాన్‌బెర్రీ. పచ్చి క్రాన్‌బెర్రీ కొరికితే పులుపుతో పాటు నోరంతా పట్టేసే వగరు ఉంటుంది, ఆ వగరుకి కారణమైన పదార్థాలే ప్రోయాంథోసయనిడిన్లు, ఇకపై ప్యాక్ అంటాను. వగరు అంటేనే ప్రోటీన్లకి అతుక్కునే గుణం, లాలాజలంలోని ప్రోటీన్లని పట్టేస్తాయి కాబట్టే నోరు పిడచకట్టినట్టు అవుతుంది. ద్రాక్ష, ఆపిల్, గ్రీన్ టీ, చాక్లెట్ అన్నిట్లోనూ ఈ జాతి పదార్థాలున్నాయి. మరి క్రాన్‌బెర్రీకే ఎందుకు పేరొచ్చిందంటే, ప్యాక్ అనేది పూసలదండ లాంటిది, చిన్న చిన్న అణువులు వరసగా గుచ్చినట్టు ఉంటాయి. ద్రాక్షలాంటి వాటిల్లో పక్కపక్క పూసల మధ్య ఒకే ముడి, దాన్ని బి రకం అంటారు. క్రాన్‌బెర్రీలో చాలాచోట్ల రెండు ముడులు, రెండోది ఆక్సిజన్ గుండా పడ్డ ముడి, దాన్ని ఎ రకం అంటారు. ఆ అదనపు ముడి వల్ల దండ అటూ ఇటూ తిరగకుండా ఒక బిగుతైన ఆకారంలో నిలబడుతుంది. ల్యాబ్ పరీక్షల్లో పి రకం వెంట్రుకలున్న ఈ.కోలైని అంటుకోకుండా గట్టిగా ఆపింది ఈ ఎ రకమే, బి రకంతో ఆ ఫలితం రాలేదు.

ఈ పరీక్ష ఎలా చేస్తారో చెప్తే నమ్మకం కుదురుతుంది. మన ఎర్ర రక్తకణాల మీద కూడా ఆ గెలాక్టోజ్ జంట ఉంటుంది. గాజు పలక మీద రక్తకణాల చుక్క, పి రకం ఈ.కోలై చుక్క కలిపితే బ్యాక్టీరియా చాలా కణాల్ని ఒకేసారి పట్టుకోవడం వల్ల చిన్న చిన్న గడ్డలు కట్టినట్టు కనిపిస్తుంది. క్రాన్‌బెర్రీ తీసుకున్న మనిషి యూరిన్‌లో ఆ బ్యాక్టీరియాని కొంతసేపు ఉంచి, తర్వాత కలిపితే గడ్డలు కట్టడం తగ్గిపోతుంది లేదా ఆగిపోతుంది. గమనించండి, ఆ బ్యాక్టీరియా చావలేదు. అదే చుక్కని బ్యాక్టీరియాని పెంచే ప్లేట్ మీద గీస్తే మర్నాటికి చక్కగా కాలనీలు వస్తాయి. చేతులు పనిచేయడం మానేశాయి అంతే, ప్రాణం పోలేదు. మీ ప్రశ్నకి జవాబు ఆ ఒక్క ప్లేట్‌లో ఉంది.

ఇంకో పాత నమ్మకం కూడా తీసేద్దాం, క్రాన్‌బెర్రీ యూరిన్‌ని యాసిడ్‌గా మార్చి బ్యాక్టీరియాని చంపుతుందని వందేళ్ల కింద అనుకున్నారు, ఇప్పటికీ చాలాచోట్ల రాస్తున్నారు. మామూలుగా తాగే మోతాదులో యూరిన్ అంత పుల్లగా మారదు. 1980లలో అంటుకోవడం మీద పరిశోధనలు వచ్చాకే దృష్టి ఇటు తిరిగింది.

అయితే నిజాయితీగా ఒక విషయం చెప్పాలి, మనం మింగిన ప్యాక్ దండ అలాగే యూరిన్‌లోకి చేరదు. అది పెద్ద అణువు, పేగు గోడ దాటేది చాలా తక్కువ, ఎక్కువ భాగం పెద్దపేగుకి వెళ్లి అక్కడి బ్యాక్టీరియా చేతిలో చిన్న ముక్కలవుతుంది, ఆ ముక్కలు రక్తంలోకి వెళ్లి కిడ్నీ గుండా యూరిన్‌లోకి వస్తాయి. క్రాన్‌బెర్రీలో ఉండే ఒక రకం చక్కెర గొలుసులకి కూడా అంటుకోకుండా ఆపే గుణం కనిపించింది. ఇవన్నీ కలిసి పనిచేస్తున్నాయా, ఏది ఎంత అన్నది ఈ రంగంలో ఇంకా తేలలేదు. అలాగే జ్యూస్‌లోని ఫ్రక్టోజ్ టెస్ట్ ట్యూబ్‌లో టైప్ 1 వెంట్రుకల్ని ఆపుతుంది కానీ తాగిన ఫ్రక్టోజ్ ఒంట్లోనే ఖర్చయిపోతుంది, యూరిన్‌లోకి పనికొచ్చేంత రాదు. అంటే బ్లాడర్‌ని పట్టుకునే అసలు చెయ్యి మీద క్రాన్‌బెర్రీ పట్టు అంత గట్టిది కాదు, పి రకం మీదే రుజువు బలంగా ఉంది. దీని ప్రభావం ఎప్పుడూ పాక్షికంగానే ఉండటానికి ఇదో కారణం అని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ బ్లాడర్‌లో నిన్న ఏం జరిగి ఉంటుందో చూద్దాం. మంట తెలిసేసరికి కథ చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. ఎలుకల్లో గంటగంటకీ చూసిన పరిశోధనల్లో తేలింది ఇది: అంటుకున్న ఈ.కోలై గోడ మీదే కూర్చోదు, పై పొర కణాలు, వాటిని గొడుగు కణాలు అంటారు, వాటి లోపలికే దూరిపోతుంది. కొద్ది గంటల్లోనే కణం లోపల రెట్టింపవుతూ గుంపుగా తయారవుతుంది, ఒక్క కణంలో వేలకొద్దీ. తర్వాత కొన్ని బయటికొచ్చి పక్క కణాల్లోకి దూరతాయి. శరీరం ఆ కణాల్ని రాల్చేసి వదిలించుకోవాలని చూస్తుంది, దాంతో కింది పొర బయటపడుతుంది, కొన్ని బ్యాక్టీరియా ఆ కింది కణాల్లోకి వెళ్లి నిద్రపోయినట్టు వారాల తరబడి ఉండగలవు. ఇన్ఫెక్షన్ వచ్చిన ఆడవాళ్ల యూరిన్‌లో రాలిపోయిన కణాల్ని మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు ఇలాంటి గుంపులు వాళ్లలోనూ కనిపించాయి. మీ మంట, తొందర అంతా ఈ గొడవకి మీ ఒంటి స్పందన, తెల్లకణాలు పరిగెత్తుకొచ్చాయి, గోడ వాచింది.

ఇప్పుడు ఆ ఆరు క్యాప్సూల్స్ లోపలికి వచ్చాయి అనుకోండి. యూరిన్‌లో తేలుతున్న బ్యాక్టీరియా చేతుల్ని కొంత పనిచేయకుండా చేస్తాయి, సరే. ఇప్పటికే పట్టుకున్నదాన్ని ఊడదీయలేవు, ఎందుకంటే ఒక్కో బ్యాక్టీరియాకి ఎన్నో వెంట్రుకలు ఒకేసారి పట్టుకుని ఉంటాయి, ఒకటి వదిలినా మిగతావి వదలవు. కణం లోపలున్నవాటికి అసలు చేరవు. రెట్టింపు అవ్వడాన్ని ఆపవు. పైగా కడుక్కోవడం లెక్క ఉంది కదా, అది ఇప్పుడు తిరగబడింది, మీరు పోసి ఖాళీ చేసిన ప్రతిసారీ గోడలో ఉన్న గుంపులు మళ్లీ యూరిన్‌ని నింపేస్తాయి. క్రాన్‌బెర్రీ చేయగలిగిందల్లా కడుక్కోవడానికి సాయం, కడిగితే పోనిచోటికి వెళ్లినదాని మీద దానికి పనిలేదు. యాంటీబయాటిక్ తేడా ఇక్కడే, అది బ్యాక్టీరియా లోపలి యంత్రాంగాన్ని దెబ్బతీసి చంపుతుంది లేదా పెరగనివ్వదు, మిగతాది తెల్లకణాలు, కడుక్కోవడం చూసుకుంటాయి. ఏది వాడాలి, ఎన్ని రోజులు అన్నది డాక్టర్ నిర్ణయం. మీకు ఏడాదిలో మూడోసారి కాబట్టి ఊహించి ఇవ్వడం కంటే కల్చర్‌లో ఏ మందుకి లొంగుతుందో చూడటం చాలా ముఖ్యం, పాత మాత్రలు మిగిలుంటే వేసుకోవద్దు.

"మరి నా ఫ్రెండ్‌కి క్రాన్‌బెర్రీతోనే తగ్గింది" అని చాలామంది అంటారు, వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. మామూలు బ్లాడర్ ఇన్ఫెక్షన్ చాలాసార్లు తనంతట తానే తగ్గుతుంది. 2015లో వచ్చిన ఒక జర్మన్ ట్రయల్‌లో ఇలాంటి 494 మంది ఆడవాళ్లలో సగం మందికి మొదట యాంటీబయాటిక్, సగం మందికి మొదట ఇబుప్రొఫెన్ నొప్పిమాత్ర మాత్రమే ఇచ్చారు. ఇబుప్రొఫెన్ గుంపులో మూడింట రెండు వంతుల మందికి యాంటీబయాటిక్ అవసరమే పడలేదు. ఆ వారంలో వాళ్లు క్రాన్‌బెర్రీ తాగుంటే ఆ పేరంతా దానికే పోయేది. కానీ అదే ట్రయల్‌లో కిడ్నీ దాకా ఇన్ఫెక్షన్ ఎక్కినవాళ్లు యాంటీబయాటిక్ గుంపులో ఒకరైతే నొప్పిమాత్ర గుంపులో ఐదుగురు. అంకెలు చిన్నవే, కానీ ఆ ఐదుగురిలో మీరుండకూడదు కదా, అందుకే క్రాన్‌బెర్రీ మీద నమ్మకంతో రోజులు గడపొద్దంటున్నా.

నివారణ సంగతికొస్తే అది వేరే కథ, అక్కడ క్రాన్‌బెర్రీకి నిజంగా చోటుంది. 2023లో, వైద్య ట్రయల్స్‌ని కలిపి విశ్లేషించే కాక్రేన్ అనే సంస్థ సమీక్ష 50 ట్రయల్స్, దాదాపు 9000 మందిని కలిపి చూసింది. మీలా మళ్లీమళ్లీ ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవాళ్లలో కల్చర్‌తో తేలిన ఇన్ఫెక్షన్ల రిస్క్ సుమారు నాలుగోవంతు తగ్గింది, పిల్లల్లో సగానికి పైగా. వృద్ధాశ్రమాల్లాంటి చోట్ల ఉండే పెద్దవాళ్లలో, ప్రెగ్నెంట్ ఆడవాళ్లలో, బ్లాడర్ పూర్తిగా ఖాళీ కానివాళ్లలో లాభం కనిపించలేదు. ఆ చివరి గుంపు చూడగానే నాకు పైన రాసిన లెక్కే గుర్తొచ్చింది. పోశాక 10 మి.లీ. బదులు 100 మి.లీ. మిగిలిందనుకోండి, మూడో వంతు. 1000 కాస్తా మూడు గంటల్లో 8000, పోశాక 2700 మిగులుతాయి, మళ్లీ మూడు గంటలకి 21,000, పోశాక 7000. ఒక్క బ్యాక్టీరియా కూడా గోడకి అంటుకోకపోయినా గెలిచేది అవే. అంటుకోవడాన్ని ఆపి ఏం లాభం, కడిగే నీళ్లే చాలనప్పుడు. ఇది నేను చేసుకున్న అర్థమే, కానీ పోశాక కూడా ఇంకా ఉన్నట్టు అనిపించేవాళ్లు క్రాన్‌బెర్రీ కొనే ముందు, ఎంత మిగులుతోందో స్కాన్ చేయించుకోవాలని గట్టిగా చెప్తా.

ఇక మీ డబ్బా మీద అంకె. పరిశోధనల్లో ఎక్కువగా వాడిన మోతాదు రోజుకి 36 మి.గ్రా. ప్యాక్, క్రాన్‌బెర్రీ పొడి 36 మి.గ్రా. కాదు. డబ్బా మీద "క్రాన్‌బెర్రీ 500 మి.గ్రా." అని పెద్దగా ఉండి, అందులో ప్యాక్ 1.5 శాతం అయితే ఒక క్యాప్సూల్‌లో ఉన్నది 7.5 మి.గ్రా. మాత్రమే, రెండు వేసుకున్నా 15, అంటే ఇన్నాళ్లూ మీరు సగం కూడా తీసుకోలేదన్నమాట. ప్యాక్ ఎంతో అసలు రాయకపోతే ఆ డబ్బా మీద నేను నమ్మకం పెట్టుకోను, ద్రాక్షగింజల పొడి కలిపి అమ్మినవి కూడా దొరికాయి, అందులో ఉండేది బి రకం. ఇంకోటి, క్రాన్‌బెర్రీ తీసుకున్నవాళ్ల యూరిన్‌ని పైన చెప్పిన పద్ధతిలో పరీక్షిస్తే కొన్ని గంటల దాకా బాగా పనిచేసి 24 గంటలకి చాలా పడిపోతుంది, కాబట్టి ఒక రోజు వేసుకుని రెండు రోజులు మానేస్తే ఆ రెండు రోజులు ఏ రక్షణా లేనట్టే. ఒకేసారి మింగడం కంటే పొద్దున సగం, రాత్రి పడుకునే ముందు సగం నాకు సబబనిపిస్తుంది, రాత్రే కదా కడుక్కోవడం ఆగిపోయేది. తీపి కలిపిన జ్యూస్ అయితే చక్కెర ఎంతో చూసుకోండి. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు, రక్తం పలుచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

మీ విషయంలో వరస ఇలా పెట్టుకోండి. ఇవాళ శాంపిల్, డాక్టర్, మందు. యాంటీబయాటిక్‌తో మామూలుగా రెండు మూడు రోజుల్లో మంట బాగా తగ్గాలి, తగ్గకపోతే కల్చర్ రిపోర్ట్ పట్టుకుని మళ్లీ వెళ్లండి, ఆ బ్యాక్టీరియా ఆ మందుకి లొంగనిదై ఉండొచ్చు. కోర్సు పూర్తయ్యి మంట పూర్తిగా పోయాక, ప్యాక్ అంకె స్పష్టంగా ఉన్న డబ్బాతో రోజూ మొదలుపెట్టి ఆరు నెలలు చూడండి. ఎప్పుడు ఇన్ఫెక్షన్ వచ్చింది, కల్చర్‌లో ఏ బ్యాక్టీరియా వచ్చింది అని తేదీతో సహా రాసుకోండి. ఒకవేళ మీ రిపోర్ట్‌లో ఈ.కోలై కాకుండా వేరే ఏదైనా ఉంటే ఇక్కడ పెట్టండి, పైన రాసిన వెంట్రుకల కథంతా ఈ.కోలైదే, వేరేవాటికి అది అలాగే వర్తించదు.